నేనెప్పుడు జూదమాడితిని?

“నేనెప్పుడు జూదమాడితిని అన్నా? నంబరు రాస్తా, అంతే.”

ఆదోని మార్కెట్ యార్డు ఎదుట టీ తాగుతూ ఒక హమాలీ అన్న మాట ఇది. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆయన లెక్కలో జూదమంటే నలుగురు గుండ్రంగా కూర్చుని ముక్కలు పంచుకోవడం, పోలీసులొస్తే గోడ దూకడం. బీటరు చేతిలో యాభై రూపాయలు పెట్టి చీటీ మీద రెండంకెలు రాయించుకోవడం ఆయనకు జూదం కాదు, సిగరెట్టు కొన్నట్టే. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టిన కుర్రాణ్ణి అడిగితే వాడూ ఇదే అంటాడు. “మట్కానా? ఛీ, అది ముసలోళ్లది. నేను మ్యాచ్ మీద పెడతా.”

అందుకే జూదం అలవాటు ముదిరిందో లేదో తెలుసుకునే ప్రశ్నపత్రాన్ని ఇక్కడివాళ్ల చేతికిచ్చే ముందు ఒక మాట తేల్చుకోవాలి. మట్కా, పేకాట, అందర్ బాహర్, క్రికెట్ పందెం, ఫోన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, కోడిపందెం, లాటరీ అన్నీ ఇందులోకే వస్తాయని పేరుపేరునా చెప్పాలి. ఊరికే “మీరు జూదం ఆడతారా?” అంటే సగం మంది మొదటి ప్రశ్నకు ముందే కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు.

ఆ హమాలీ ఒక్క మనిషి కాడు. ఈ ప్రాంతంలో నేను విన్న నలుగురైదుగురి సంగతులు కలిపి ఒకడిగా చేశాను. మగ్గాల కుర్రాడూ అంతే. వాళ్ల మార్కులు మాత్రం లెక్కకు నిలిచేలా వేశాను.

మట్కాకు పత్తికి ఉన్న చుట్టరికం ఆదోనిలో చాలామందికి తెలియదు. ఒకప్పుడు న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజీలో ధర ఎంతకు మొదలైంది, ఎంతకు ముగిసింది అన్న కబురు తంతి మీద బొంబాయికి చేరేది. ఆ అంకెల మీద పందేలు కాసేవాళ్లు. ఓపెన్, క్లోజ్ అనే మాటలు అక్కడివే. 1961లో ఆ ధరల రాక ఆగిపోయింది. పందెం మాత్రం ఆగలేదు. అంకెల చీటీలు కుండలో వేసి తీయడం మొదలుపెట్టారు. మట్కా అంటే కుండ. 1962లో కల్యాణ్‌జీ భగత్, ఆ తర్వాత రతన్ ఖత్రీ దాన్ని పెద్ద వ్యాపారంగా మార్చారు. కుండ పోయి పేకముక్కలొచ్చాయి. మూడు ముక్కలు తీసి, వాటి అంకెలు కూడి, చివరి అంకె పట్టుకుంటారు. ఐదు, మూడు, ఆరు పడితే మొత్తం పద్నాలుగు, కాబట్టి ఓపెన్ నాలుగు. క్లోజ్‌కూ అలాగే తీసి రెండూ పక్కపక్కన పెడితే జోడీ. పత్తి బేళ్ల మీద బతికే ఊరికి పత్తి ధరల మీద పుట్టిన జూదం చేరడంలో వింత లేదేమో గానీ, తెల్లారి లేస్తే దూది మోసే మనిషి సాయంత్రం అదే దూది నీడ మీద పందెం కాస్తున్నాడని తలచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇక ప్రశ్నపత్రం. ఇలాంటివి ప్రపంచంలో చాలా ఉన్నాయి. 1987లో అమెరికాలో లెస్యూర్, బ్లూమ్ తయారుచేసిన సౌత్ ఓక్స్ పత్రంలో ఇరవై ప్రశ్నలకు మార్కులుంటాయి. అది ఆసుపత్రికొచ్చిన రోగుల మధ్య పుట్టింది. మామూలు జనంలో వాడితే అనుకున్నదానికన్నా ఎక్కువమందిని రోగులుగా చూపిస్తోందన్న విమర్శ వచ్చింది. కెనడాలో జాకీ ఫెరిస్, హెరాల్డ్ విన్ మామూలు జనం కోసమే ఒక కొలత కట్టి 2001లో ప్రకటించారు. దాని పేరు ప్రాబ్లమ్ గ్యాంబ్లింగ్ సివియారిటీ ఇండెక్స్, పొట్టిగా పీజీఎస్ఐ. తొమ్మిదే ప్రశ్నలు. గడిచిన 12 నెలల మాటే అడుగుతుంది. ప్రతిదానికీ నాలుగు జవాబులు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలాసార్లు, దాదాపు ప్రతిసారీ. వాటికి వరసగా సున్నా, ఒకటి, రెండు, మూడు మార్కులు. అన్నీ కూడితే సున్నా నుంచి ఇరవై ఏడు దాకా ఎక్కడో ఒకచోట తేలతాం. ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే సంతోషించే పని లేదు.

తొమ్మిదింట్లో ఎక్కడా “ఎంత పోగొట్టుకున్నావు?” అని గానీ “వారానికి ఎన్నిసార్లు ఆడతావు?” అని గానీ ఉండదు. చూసినవాళ్లు మొదట ఆశ్చర్యపోయేది దీనికే. ఆలోచిస్తే అది తెలివైన పనే. జిన్నింగు మిల్లు యజమానికి పదివేలు పోవడమూ హమాలీకి పదివేలు పోవడమూ ఒకటి కాదు. ఉగాది నాడు బంధువులతో తెల్లవార్లూ ముక్కలాడి మళ్లీ ఉగాది దాకా పేక ముట్టని మనిషి ఉన్నాడు. రోజూ ఇరవై రూపాయలే రాసి, ఆ ఇరవై కోసం పెళ్లాంతో అబద్ధమాడే మనిషీ ఉన్నాడు. పత్రం వెతికేది రూపాయలను కాదు. పగ్గం చేతిలో ఉందా లేదా, దెబ్బ ఎక్కడెక్కడ తగిలింది అన్న రెండింటినీ. మొదటి నాలుగు ప్రశ్నలు పగ్గం గురించి, మిగతా ఐదు దెబ్బ గురించి.

మన హమాలీతోనే నడుద్దాం. ఆయన మొదటిసారి ఒక్కడే కూర్చుని గబగబా టిక్కులు పెట్టాడు. తర్వాత నేను పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న నిదానంగా చదివాను. రెండింటి మధ్య తేడా చూడండి. ప్రశ్నల భావం నా మాటల్లో చెబుతున్నాను.

పోతే తట్టుకోలేనంత డబ్బు పందెం పెట్టావా అన్నది మొదటిది. ఆయన “చాలాసార్లు” అన్నాడు. రెండు మార్కులు. రెండోసారీ అదే. ఇక్కడ కొలిచేది పందెం సైజు కాదు, జేబుకు దానికి ఉన్న పొంతన. బియ్యానికి తీసిపెట్టినదాంట్లోంచి వంద రాస్తే అది తట్టుకోలేని వంద.

రెండోది, మునుపటి హుషారు రావడానికి పందెం పెంచాల్సి వచ్చిందా అని. తాగుడులో రెండు పెగ్గులతో ఎక్కేది నాలుగైతే గానీ ఎక్కనట్టు, ఇక్కడా మెదడు అలవాటు పడిపోతుంది. ఆయన మొదట “లేదు” అన్నాడు. ఎందుకని అడిగితే “అన్నిటి రేట్లూ పెరగలేదా, ఇదీ పెరిగింది” అన్నాడు. మూడేళ్ల కింద ఇరవై రాసేవాడు, ఇప్పుడు రెండొందలు. కూలి అంతగా పెరిగిందా అంటే లేదు. ఇరవై రాస్తే ఎట్లుంటుంది అంటే కాసేపు గ్లాసులోకి చూసి, “రాసినట్టే ఉండదు” అన్నాడు. అప్పుడప్పుడు కిందికి వేసుకున్నాం. ఒక మార్కు.

మూడోది, పోయినదాన్ని రాబట్టుకోవడానికి మరునాడు మళ్లీ వెళ్లావా అని. రెండుసార్లూ ఆలోచించకుండా “దినామూ” అన్నాడు. మూడు.

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. తొమ్మిదింటిలో నాకు అన్నింటికన్నా బరువైనదిగా తోచేది ఇదే. జోడీలో సున్నా సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా వంద అంకెలున్నాయి. తగిలితే రూపాయికి ఎనభై ఇస్తారనుకుందాం. రోజుకు యాభై చొప్పున వంద రోజులు రాస్తే ఐదు వేలు కట్టినట్టు. సగటున ఒక్కసారి తగిలి నాలుగు వేలు చేతికొస్తుంది. వెయ్యి పోయింది. ఇది సగటు మాత్రమే. వంద రోజుల్లో ఒక్కసారి కూడా తగలకపోయే అవకాశం నూటికి ముప్పై ఆరు పైనే. అంటే అలా రాసే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైసా రాదు. ఆ ఒకరి మనసులో ఏం నడుస్తుంది? “ఇన్నాళ్లు తగల్లేదు, ఇంక తగలాల్సిందే.” కుండకు నిన్నటి సంగతి గుర్తుండదు. నూట ఒకటో రోజూ అవకాశం నూటికి ఒకటే. మనిషి మాత్రం నిన్నటి బాకీని ఇవాళ్టి అంకె తీర్చాలనుకుంటాడు.

దీనికి తోడు మట్కాలో త్రుటిలో తప్పిపోవడం అనే మాయ ఉంది. నువ్వు నలభై ఏడు రాస్తే నలభై ఆరు పడుతుంది. లెక్క ప్రకారం అది పన్నెండు పడినదానికి ఏమీ తేడా లేదు, రెండూ ఓటమే. కానీ “అరరే, ఒక్కటిలో పోయింది!” అని గుండె జారుతుంది. 2009లో కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం జూదపు యంత్రం బొమ్మ చూపిస్తూ మనుషుల మెదళ్లను స్కాన్ చేసింది. త్రుటిలో తప్పిన ఓటమికి, గెలిచినప్పుడు చురుకయ్యే భాగాల్లోనే చురుకు కనిపించింది. ఆ ఓటమి బాగోలేదని చెబుతూనే ఇంకా ఆడాలనుందనీ అన్నారు. మన హమాలీ జేబులో నంబర్ల చీటీలు మడతలు పెట్టి ఉన్నాయి. ఒక్కటిలో తప్పినవాటికి ఎర్ర పెన్నుతో సున్న చుట్టాడు. దగ్గరికొస్తున్నానన్నదానికి అవి ఆయన సాక్ష్యాలు.

నాలుగో ప్రశ్న, ఆడటానికి అప్పు చేశావా, ఏదైనా అమ్మావా అని. “లేదు” అని గట్టిగా అన్నాడు. ఇది మన ప్రాంతంలో దారి తప్పించే ప్రశ్న. పశ్చిమ కర్నూలులో అప్పు లేని కూలి ఇల్లు ఏది? వాన తప్పితే అప్పు, సుగ్గికి గుంటూరు పోవాలంటే మేస్త్రి దగ్గర అడ్వాన్సు, పెళ్లికి అప్పు. ఎవరూ షావుకారు దగ్గరికి వెళ్లి “మట్కాకు ఇవ్వు” అని అడగరు. అందుకే తిప్పి అడిగాను: ఈ ఏడు ఏమేం కుదువ పెట్టారు? భార్య కాళ్ల పట్టీలు. ఎందుకు? పాప ఫీజుకు. ఫీజుకు పక్కన పెట్టిన డబ్బేమైంది? జవాబు రాలేదు. చాలాసేపటికి “అట్ల చూస్తే అప్పుడప్పుడు అని రాయి” అన్నాడు. ఒక మార్కు. డబ్బుకు రంగుండదు. జూదానికి ఒక చేతిలోంచి పోయినది, ఇంకో పేరుతో అప్పుగా వస్తుంది.

ఐదోది, నీకు సమస్య ఉందని నీకెప్పుడైనా అనిపించిందా అని. రెండుసార్లూ లేదనే అన్నాడు. నేను మార్చమనలేదు. స్వీయ పరీక్షలో పక్కవాడి పని ప్రశ్నను అర్థమయ్యేలా చెప్పడం, జవాబు చెప్పించడం కాదు. పైగా ఈ సున్నా కూడా ఒక సమాచారమే. మిగతావన్నీ పెరిగి ఇదొక్కటే సున్నాగా ఉంటే, దెబ్బ తగిలింది గానీ నొప్పి ఇంకా తెలియడం లేదన్నమాట.

ఆరోది ఆరోగ్యం: దిగులు, ఆందోళనతో సహా. “నాకేం, బేలు ఎత్తుతా” అన్నాడు మొదట. రాత్రి క్లోజ్ వచ్చేదాకా నిద్ర పడుతుందా అంటే, పట్టదు. పోయిన రాత్రుల్లో? తెల్లారుజామున ఎప్పుడో. ఒక మార్కు. ఏడోది, ఎవరైనా నీ ఆట గురించి తప్పుపట్టారా అని. నువ్వు ఒప్పుకున్నావా లేదా అన్నది లెక్కలోకి రాదు. మొదట “అప్పుడప్పుడు” అన్నవాడు, “దినామూ నస పెడుతుంది, అదేం లెక్కలే” అన్న మాటతో తానే రెండుకు పెంచుకున్నాడు. ఎనిమిదోది ఇంటి డబ్బుకు ఇబ్బంది కలిగిందా అని. పట్టీల సంగతి బయటపడ్డాక సున్నా ఒకటైంది. తొమ్మిదోది, తప్పు చేశానన్న బాధ కలిగిందా అని. రెండుసార్లూ ఒకటి.

కూడితే మొదటిసారి ఏడు, రెండోసారి పన్నెండు. మనిషి అదే, కాగితం అదే, మధ్యలో తాగింది రెండు టీలు.

ఈ ఐదు మార్కుల తేడా ఎంత దూరం తీసుకుపోతుందో చూడాలంటే గీతలు ఎక్కడున్నాయో తెలియాలి. సున్నా అయితే గడిచిన ఏడాది ఆట వల్ల చెడు కనబడలేదు. ఒకటి, రెండు తక్కువ ముప్పు. మూడు నుంచి ఏడు మధ్యస్థ ముప్పు. ఎనిమిది, ఆపైన అయితే సమస్య ముదిరిన జూదం. మన హమాలీ మొదటి లెక్కలో గీతకు ఇవతల, రెండో లెక్కలో బాగా అవతల. అందుకే ఏడొచ్చిన మనిషికి “ఇంకా ఎనిమిది కాలేదుగా” అని చెప్పడం నాకు నచ్చదు. ఈ గీతలు రాతిమీద చెక్కినవీ కావు. 2013లో షాన్ కరీ, మరికొందరు పాత లెక్కలు తిరగేసి, తక్కువ ముప్పు, మధ్యస్థ ముప్పు అనే రెండు గుంపులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని, గీతను జరపాలని అన్నారు. వాళ్ల లెక్కలో ఒకటి నుంచి నాలుగు తక్కువ, ఐదు నుంచి ఏడు మధ్యస్థం. ఎనిమిది మాత్రం కదల్లేదు. కాబట్టి మూడో నాలుగో వచ్చినవాడు ఒక లెక్కలో మధ్యస్థం, ఇంకో లెక్కలో తక్కువ. అంకెను అంకెగా పట్టుకుని వేలాడకుండా, అది ఏ ప్రశ్నల మీదుగా వచ్చిందో చూడటం మేలు.

దానికి మగ్గాల కుర్రాడు మంచి ఉదాహరణ. ఎమ్మిగనూరు పేరు చెబితే పెద్దవాళ్లకు మాచాని సోమప్ప, ఆయన 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం గుర్తొస్తాయి. ఈ కుర్రాడికి గుర్తొచ్చేది ఐపీఎల్. అది సాగే రెండు నెలలూ రోజూ పందెమే, మిగతా పది నెలలు ముట్టడు. తండ్రి నేసిన చీరలు అప్పజెప్పి తెచ్చిన కూలి డబ్బు, అప్పులిచ్చే యాప్, స్నేహితుడి బండి అన్నీ ఆ రెండు నెలల్లోనే తిరుగుతాయి. పత్రం గడిచిన 12 నెలల మాట అడిగింది కాబట్టి వాడు నిజాయితీగానే నాలుగుచోట్ల “అప్పుడప్పుడు” అని పెట్టాడు. మొత్తం నాలుగు. అదే ఐపీఎల్ నెలల్లో నీ సంగతి చెప్పు అంటే, పోయినదాన్ని వెంటాడటానికి మూడు, తట్టుకోలేని పందేనికి రెండు, అప్పుకు రెండు, ఇంటి ఇబ్బందికి రెండు. తొమ్మిది. వరద రెండు నెలలే వచ్చినా ఇల్లు మునిగేది అప్పుడే గదా. ఏడాది సగటు ఆ సంగతి చెప్పదు. సీజన్ జూదగాళ్లను చూసేటప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకోవడం నా అలవాటు. కాగితం మీద పడే అధికారిక మార్కు మాత్రం ఏడాదిదే.

తొమ్మిదో ప్రశ్నకు ఇంకో మెలిక ఉంది. ఆదోనిలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి, మూడు రకాల నీతులూ ఉన్నాయి. జూదం హరామని నమ్మే ఇంట్లో పుట్టినవాడు స్నేహితుల బలవంతం మీద పది రూపాయలు పెట్టినా నెల్లాళ్లు కుమిలిపోతాడు. వాడికి తొమ్మిదిలో మూడొచ్చి, మిగతావన్నీ సున్నాలైతే మొత్తం మూడు. పత్రం వాణ్ణి మధ్యస్థ ముప్పు గదిలో పడేస్తుంది. అది జబ్బు కాదు, భక్తి. అటువైపు, ఇల్లు కుదువ పెట్టి కూడా “మగాడన్నాక ఆడతాడు” అనుకునేవాడికి అదే ప్రశ్నలో సున్నా. ఏడో ప్రశ్నా ఇంతే. ఆట ఫోన్లో, తలుపు వేసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని జరుగుతుంటే ఇంట్లో తప్పుపట్టేవాళ్లెవరు? దాచగలిగినవాడికి మార్కు తగ్గుతుంది.

అబద్ధం గురించి ఈ పత్రం అసలు అడగదు. ఆ పని రెండే ప్రశ్నలున్న ఇంకో చిన్న పరీక్ష చేస్తుంది. పందెం పెంచుకుంటూ పోవాలనిపించిందా, ఎంత ఆడావో నీవాళ్ల దగ్గర దాచావా అని అడుగుతుంది. ఒక్కదానికి అవునన్నా ఇంకా లోతుగా చూడాలి. దాచుడు ఎక్కువగా ఉండే ఫోన్ జూదానికి ఈ రెండో ప్రశ్నను తొమ్మిదింటి పక్కన కలిపి అడగడం ఉపయోగమే. దాని జవాబును మొత్తంలో మాత్రం కూడకూడదు. కూడితే ఆ గీతలకు అర్థం పోతుంది.

ఇక అందరూ పొరపాటు పడే చోటుకొద్దాం. ఎనిమిది దాటితే జబ్బు ఖాయమైనట్టేనా? కాదు. ఇది జల్లెడ, తూకం కాదు. ఊహకు ఒక లెక్క వేస్తాను, అంకెలు నావే. ఒక పేటలో వెయ్యిమంది పెద్దవాళ్లకు పత్రం పంచాం. నిజంగా జబ్బున్నవాళ్లు ఇరవైమంది. జల్లెడ వాళ్లలో పదహారుమందిని పట్టింది. జబ్బు లేని 980 మందిలో నూటికి ఐదుగురిని పొరపాటున పట్టింది, అంటే 49 మందిని. మొత్తం 65 మంది గీత దాటారు, అందులో నిజమైనవాళ్లు పదహారుగురే, నలుగురిలో ఒకరు. ఇప్పుడు అదే జల్లెడను, ఆట మానలేక డాక్టరు దగ్గరికొచ్చిన వందమంది మీద పట్టండి. వాళ్లలో అరవైమందికి నిజంగా జబ్బుందనుకుంటే 48 మంది దొరుకుతారు, పొరపాటున పడేవాళ్లు ఇద్దరు. గీత దాటిన యాభైమందిలో 48 మంది నిజమైనవాళ్లే. కాగితం మారలేదు, ఎవరి చేతిలో పెట్టామన్నదే మారింది. ఇంట్లో గొడవలు, అప్పులు ఉండి తనంతట తాను ఈ పత్రం వెతుక్కున్నవాడు రెండో గుంపుకు దగ్గర. ఊరికే సరదాకు టిక్కులు పెట్టినవాడు మొదటి గుంపుకు దగ్గర.

జబ్బు ఉందో లేదో తేల్చేది మానసిక వైద్యుడు, ముఖాముఖి మాట్లాడి. అమెరికన్ సైకియాట్రిస్టుల డీఎస్ఎం-5 పుస్తకం 2013లో జూదాన్ని తాగుడు, మత్తు వ్యసనాల సరసన చేర్చింది. అందులోనూ తొమ్మిది లక్షణాలే, కానీ ఈ తొమ్మిదీ ఆ తొమ్మిదీ ఒకటి కావు. మానాలని చూసి మానలేకపోవడం, మానితే చిరాకు, అబద్ధాలు, ఆట వల్ల ఉద్యోగమో చదువో సంబంధమో పోవడం, అప్పు తీర్చమని మరొకరి మీద పడటం అక్కడ ఉన్నాయి, ఇక్కడ లేవు. ఏడాదిలో నాలుగు కనిపిస్తే జూద రుగ్మత. నాలుగైదు అయితే స్వల్పం, ఆరేడు మధ్యస్థం, ఎనిమిది తొమ్మిది తీవ్రం. ఇక్కడి ఎనిమిదిని అక్కడి ఎనిమిదితో కలిపి కంగారుపడేవాళ్లను చూశాను. అక్కడ ఎనిమిదంటే ఎనిమిది లక్షణాలు. ఇక్కడ ఎనిమిది మార్కులు మూడు ప్రశ్నలతో కూడా రావచ్చు.

పత్రంలో లేని ఒక ప్రశ్నను నేను తప్పకుండా అడుగుతాను: చచ్చిపోవాలని అనిపించిందా? అప్పులవాళ్లు ఇంటి ముందు నిలబడ్డ జూదగాడికి ఈ ఆలోచన వస్తుంది. మొత్తం మూడొచ్చినా ముప్పై రోజుల్లో ఈ ఆలోచన వచ్చిందంటే మార్కులు పక్కన పెట్టి ఆ రోజే మనిషిని పట్టుకోవాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

పత్రం నింపే పద్ధతిలోనూ కొన్ని పొరపాట్లు జరుగుతాయి. చదువురాని మనిషికి ఇంట్లోవాళ్లే చదివి వినిపించడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. భార్య ఎదురుగా ఉంటే నాలుగు, ఏడు, ఎనిమిది ప్రశ్నలు మూగబోతాయి. పేరు రాయకూడదు. మట్కా 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద నేరం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించింది. కాగితం ఎవరి చేతిలోనైనా పడుతుందేమో అన్న భయం ఉన్నప్పుడు అన్ని టిక్కులూ ఎడమవైపు గడిలోకే వెళ్తాయి. నింపి, కూడి, చించేసినా పరవాలేదు, అంకె గుర్తుంటే చాలు.

పన్నెండు వచ్చిన మన హమాలీ ఇంటికి వెళ్లి చేసిన పని నాకు తర్వాత తెలిసింది. డాక్టరు దగ్గరికి వెంటనే పోలేదు, కొన్నాళ్లాగి పోయాడు. వారానికోసారి ఇచ్చే కూలిని తన చేతికి కాకుండా భార్య చేతికి ఇమ్మని మేస్త్రికి చెప్పాడు. బీటరు కూర్చునే సందు వదిలి చుట్టుదారిన ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. రాత్రి క్లోజ్ వేళకు ఫోను పాప దగ్గర పెట్టాడు. బావమరిది అప్పంతా ఒకేసారి తీరుస్తానంటే, డాక్టరు దగ్గర కూర్చున్న మూడోసారి, వద్దన్నాడు. అప్పు ఒక్కసారిగా తీరిపోతే మళ్లీ అప్పు పుట్టే దారి తెరుచుకుంటుందని డాక్టరు చెప్పాడట. నెలకింత చొప్పున భార్యే కడుతోంది.

నెల దాటాక పత్రం మళ్లీ ఇమ్మన్నాడు. నిదానంగా నింపాడు, కూడాడు, మళ్లీ కూడాడు. పన్నెండే.

“నెల్లాళ్లాయె అన్నా, ఒక్క చీటీ రాయలేదు. మార్కులేమి తగ్గలే?”

తగ్గవు. పత్రం గడిచిన 12 నెలలను చూస్తుంది, అందులో పదకొండు నెలలు ఆయన ఆడినవే. ఐదో ప్రశ్నకు ఈసారి సున్నా బదులు ఒకటి పెట్టాడు, ఏడో ప్రశ్నలో ఒకటి తగ్గించాడు, అందుకే మొత్తం కదల్లేదు. ఆ సంగతి చెబితే కాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత జేబులోంచి చీటీల కట్ట తీశాడు, ఎర్ర సున్నలు చుట్టినవి. వాటి వెనకవైపు ఖాళీగా ఉన్నచోట రోజుకో గీత గీస్తున్నాడు. ముప్పై నాలుగు ఉన్నాయి.